500 దాటిందని కొన్నాను, సాయంత్రానికి మళ్లీ కిందే. తప్పెక్కడ?

కొర్లగుంట కుర్రాడు: రెండు నెలల్లో మూడుసార్లు 500 దగ్గర వెనక్కి తిరిగిన షేరు మంగళవారం పొద్దున ఆ ధర దాటింది. 506కి 200 షేర్లు కొన్నాను. 511 దాకా వెళ్లి 493లో ముగిసింది. మరుసటి రోజు 484కి అమ్మాను, 4,400 పోయింది. రెసిస్టెన్స్ దాటితే పెరగాలి కదా?

బైరాగిపట్టెడ: ఇదంతా ఆపరేటర్ల పని. మన స్టాప్‌లాస్ ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

చిత్తూరు మండీ: మీ ఆర్డరు ఎవరికీ కనిపించక్కర్లేదు స్వామీ. ఇంతకుముందు 500లో కొని ఇరుక్కున్నవాళ్లు అసలు వస్తే చాలని అక్కడే అమ్ముతారు, అందుకే ధర అక్కడ ఆగుతుంది. అది చూసి, ధర పడుతుందని ఫ్యూచర్స్‌లో ముందే అమ్మి షార్ట్ చేసినవాళ్లు 502, 503లో స్టాప్‌లాస్ పెట్టుకుంటారు. ధర అక్కడికి చేరితే ఆ స్టాపులే కొనుగోళ్లవుతాయి. ఆ ఊపు చూసి ఆలస్యంగా వచ్చినవాళ్లూ కొంటారు. భారీగా అమ్మాల్సినవాడికి అంతమంది కొనేవాళ్లు ఇంకెప్పుడు దొరుకుతారు? ఆ కొనేవాళ్లు అయిపోయాక ధర 500 కిందికి జారుతుంది. అప్పుడు పైన కొన్నవాళ్ల స్టాపులు అమ్మకాలవుతాయి. అందుకే ఎక్కినదానికంటే వేగంగా దిగుతుంది.

కొర్లగుంట కుర్రాడు: కానీ అన్నా, ఆ రోజు వాల్యూం మామూలు కంటే మూడు రెట్లు. వాల్యూం వస్తే నిజమైన బ్రేకౌటే అంటారు కదా?

చిత్తూరు మండీ: కొన్న ప్రతి షేరునూ ఎవరో ఒకరు అమ్మారు. అంత వాల్యూంతో కూడా 500 పైన నిలవలేదంటే అమ్మేవాళ్లదే పైచేయి. రోజు ముగింపు 500 పైన ఉందా అన్నది చూడాలి.



బైరాగిపట్టెడ: ముగిసేదాకా ఆగమనడం తేలిక! పోయిన ఏడాది నేను ఆగాను. 320 దాటిన షేరు ఆ రోజు 346లో ముగిసింది, మళ్లీ 320 వైపు చూడలేదు. ఆగినందుకు నాకేం మిగిలింది?

చిత్తూరు మండీ: ఇందాకటి నుంచి ఆపరేటర్లంటున్నారు, మీ అసలు బాధ ఇదన్నమాట. మీది చేజారిన లాభం, ఈ అబ్బాయిది జేబులోంచి పోయిన డబ్బు. ఆగితే కొన్ని పోతాయి, ఒప్పుకుంటాను. పైన ముగిసి కూడా పడినవి ఉన్నాయి. కానీ 498లో బయటపడి ఉంటే ఇతనికి 1,600తో పోయేది. మరుసటి రోజుదాకా ఎందుకు ఉంచుకున్నావయ్యా?

కొర్లగుంట కుర్రాడు: దాటింది కాబట్టి ఇక 500 సపోర్ట్ అవుతుందనుకున్నాను. స్టాప్ పెట్టలేదు. మధ్యాహ్నం అంగడిలో గిరాకీ, ఫోన్ చూడలేదు.

బైరాగిపట్టెడ: అదీ సంగతి. నేనైతే దాటగానే కొంటాను, ఆ నిమిషమే 498లో స్టాప్ పెడతాను. పోతే 1,600.

చిత్తూరు మండీ: అందరి స్టాపూ అక్కడే ఉంటుంది. 497 తాకి మళ్లీ పైకి వెళ్లినవి నేను చాలా చూశాను. నేను సాయంత్రం ముగింపు చూశాకే కొంటాను.