30 మంది నిండితేనే కాశీ టూర్ అంట, మిగతా డబ్బు మాత్రం ఇప్పుడే కట్టాలంట. ఏం చేయాలి?

బురుజు దగ్గర సునీత (కర్నూలు), నవంబర్ 18
అమ్మ, నాన్న, అత్తమ్మ, మా పిన్ని. ఈ నలుగురికీ కాశీ, ప్రయాగ, అయోధ్య 9 రోజుల టూర్ బుక్ చేశాను. డిసెంబర్ 12న సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాలి. మనిషికి 24,500. బుకింగ్ రోజు 5,000, అక్టోబర్ 28న 10,000 కట్టేశాము. మిగతా 9,500 నవంబర్ 22 లోపు కట్టాలి. నలుగురికి 38,000.

నిన్న ఫోన్ చేస్తే ఇంతవరకు 19 మందే అయ్యారని చెప్పారు. కనీసం 30 ఉండాలంట. టూర్ ఉందో లేదో డిసెంబర్ 2న చెప్తామన్నారు. నిండకపోతే జనవరికి మారుస్తారంట, లేదా మనిషికి 6,000 ఎక్కువ కడితే 19 మందినే తీసుకుపోతారంట. పాంప్లెట్‌లో చూస్తే, మనం మానుకుంటే అడ్వాన్సు 5,000 రాదు, 22 తర్వాత అయితే రూపాయి కూడా తిరిగి రాదు అని ఉంది. నాన్నకు జనవరిలో కంటి ఆపరేషన్. 22న కట్టాలా వద్దా?

దేవుని కడప వాసి
అక్కా, కట్టొద్దు. నా సంగతి వినండి. పోయిన ఏడాది అండమాన్ టూర్, చెన్నై నుంచి. ఫిక్స్‌డ్ డిపార్చర్ అని పెద్ద అక్షరాలతో వేశారు. విమానం టికెట్ మీరే తీసుకోండి, అక్కడికి వచ్చాక అన్నీ మావే అన్నారు. ఫిక్స్‌డ్ అంటే ఖాయం అనుకొని, డబ్బు తిరిగిరాని టికెట్లు మూడు కొన్నాను. 11 రోజుల ముందు గ్రూప్ నిండలేదని రద్దు చేశారు. ప్యాకేజీ డబ్బు పైసాతో సహా ఇచ్చారు, అది నిజం. విమానం డబ్బు 31,000 మాత్రం పోయింది. అది మాకు సంబంధం లేదన్నారు. చట్నీ తినడానికి కూడా మనసు రాలేదు ఆ వారం.

అనంత పాత టూర్ మేనేజర్
పద్దెనిమిదేళ్ళు ఈ పనే చేశాను. కాశీకే నలభై సార్లకు పైగా గ్రూపులను తీసుకుపోయాను, కాబట్టి నేను చెప్పేది కొంచెం నిదానంగా చదవండి.

ఫిక్స్‌డ్ అంటే తేదీ ఫిక్స్. బండి కదలడం ఫిక్స్ కాదు. కదలడం ఖాయమైతే "గ్యారంటీడ్" అని రాస్తారు, అది రాయలేదంటే మనుషుల సంఖ్య మీదే ఆధారం. కడప తమ్ముడికి దెబ్బ తగిలింది అక్కడే.

సునీతమ్మా, మీ కాగితంలో మూడు తేదీలు ఉన్నాయి. అక్టోబర్ 28, నవంబర్ 22, డిసెంబర్ 2. వాటి వరుస చూడండి. 22తో మీరు ఇరుక్కుపోతారు, ఆయన మాత్రం 2 వరకు ఫ్రీ. ఆ పది రోజులు టెన్షన్ మొత్తం మీదే. సక్రమంగా నడిపేవాడు తన తేదీని మీ చివరి వాయిదాకు ముందు పెట్టుకుంటాడు. "20న చెప్తాము, 22న కట్టండి" అనాలి. మా ఆఫీసులో అట్లే ఉండేది.

ఇంకొకటి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. డిసెంబర్ 12 రైలుకు అంటే అక్టోబర్ 13. కాశీ వైపు రైళ్ళలో గ్రూపుకు సీట్లు మొదటి రోజుల్లోనే తీసుకోవాలి. అందుకే రెండో వాయిదా అక్టోబర్‌లో అడుగుతారు. మీ పేర్ల మీద తీసిన టికెట్ కాపీ అడగండి. పీఎన్ఆర్ నంబర్ ఒక్కటే కాదు, కాపీ కావాలి. దాని మీద బుక్ చేసిన తేదీ ఉంటుంది. ఆయన నడిపే ఉద్దేశంలో ఉన్నాడా లేదా అన్నది ఆ కాగితమే చెప్తుంది.

పొద్దుటూరు పద్మ
19 మంది అన్నారు కదా, అందులో పిల్లలను కలిపారా? మా టూర్‌లో హాఫ్ టికెట్ పిల్లలను లెక్కలో వేయలేదు. అది ముందే అడగాలి.

నాకు జరిగింది వేరే. టూర్ ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా మా చిన్నమామ పోయారు. మైలలో గుడికి ఎట్లా పోతాము? ఫోన్ చేసి చెప్తే, నిబంధన ప్రకారం ఏమీ రాదన్నారు. ఇద్దరివి 37,000. చావు కూడా మన చేతిలో ఉంటుందా? మనిషి పోయిన ఇంట్లో డబ్బు పట్టుకోవడానికి మనసెట్లా వచ్చిందో.

కాలనీ యాత్రల శీను (నంద్యాల రోడ్డు)
పద్మక్కా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ నడిపేవాడి వైపు కూడా చూడండి. నేను ప్రతి ఏడాది మా కాలనీ నుంచి బస్సు వేస్తాను. 35 సీట్లకు బాడుగ మాట్లాడుకుంటాను. చివరి వారంలో ఇద్దరు తగ్గితే బస్సువాడు బాడుగ తగ్గిస్తాడా? రూములకు కట్టిన అడ్వాన్సు తిరిగి వస్తుందా? ఆ లోటు మిగతా 33 మంది మీద వేయలేను, నా జేబులోంచి పోతుంది. పోయిన కార్తీకంలో అట్లా 14,000 పోయింది నాకు.

పొద్దుటూరు పద్మ
శీనూ, నేను మొత్తం అడగలేదు. భోజనాల డబ్బు, గుడి దగ్గర ఆటోల డబ్బు మేము తినలేదు, ఎక్కలేదు. అదన్నా ఇవ్వాలి కదా? మా బదులు మా ఆడపడుచు వాళ్ళు పోతామన్నారు, దానికీ ఒప్పుకోలేదు.

కాలనీ యాత్రల శీను (నంద్యాల రోడ్డు)
ఎనిమిది రోజుల ముందు పేరు మార్చడం ఎట్లా కుదురుతుంది? రైలు టికెట్ మీద పేరు మారదు.

అనంత పాత టూర్ మేనేజర్
శీనూ, తెలియకుండా మారదు అనొద్దు. కన్ఫర్మ్ టికెట్‌ను సొంత కుటుంబంలో మార్చవచ్చు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కొడుకు, కూతురు, భార్య, భర్త. రైలు కదలడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో చుట్టరికం రుజువుతో అర్జీ ఇవ్వాలి. ఒక్కసారే మారుస్తారు.

పొద్దుటూరు పద్మ
చూశావా శీనూ! మా ఆయన టికెట్ ఆయన చెల్లెలికి మారేది. ఒక్క టికెట్ డబ్బన్నా నిలబడేది. నాకు ఎవరూ చెప్పలేదు.

కాలనీ యాత్రల శీను (నంద్యాల రోడ్డు)
సరే, ఆ రూలు నాకు తెలియదు, తప్పు నాదే. కానీ రూములు, బస్సు గురించి చెప్పిన మాట మీద మాత్రం నేను ఉన్నాను. అందరూ నడిపేవాళ్ళనే దొంగలు అంటే ఈ పని చేసేవాళ్ళు ఉండరు.

గడియారం మల్లేశ్ (అనంతపురం)
అసలు అడ్వాన్సు తిరిగి ఇవ్వము అని రాయడమే చట్టవిరుద్ధం. కన్స్యూమర్ కోర్టుకు పోతే మొత్తం వస్తుంది. భయపడొద్దండి.

అనంత పాత టూర్ మేనేజర్
మల్లేశ్ గారూ, సగమే కరెక్టు. మనం మానుకుంటే ఎంత కోస్తారో ముందే రాసి, మనం ఒప్పుకొని కడితే, అంతా తిరిగి రప్పించడం తేలిక కాదు. కానీ మనిషులు నిండలేదని ఆయన రద్దు చేస్తే అది ఆయన రద్దు. అప్పుడు "అడ్వాన్సు 5,000 రాదు" అనే మాట మీకు వర్తించదు, ఆ వాక్యం ప్రయాణికులు మానుకున్నప్పటిది. జనవరికి మారుస్తాను అంటే మీరు ఒప్పుకోవాలన్న లెక్క కూడా లేదు, తేదీ మారితే అది వేరే టూర్. ఇవ్వకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తర్వాత జిల్లా కన్స్యూమర్ కమిషన్. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

దేవుని కడప వాసి
నాకు ఈ మాట అప్పుడు ఎవరన్నా చెప్పి ఉంటే విమానం డబ్బుకు కూడా వేసేవాణ్ణి. ఇప్పుడు వేయవచ్చా సార్?

ఆదోని అత్తగారు
వంటవాళ్ళు వెంట వస్తున్నారా? అది అడిగావా తల్లీ? పోయినసారి మాకు మనుషులు తక్కువైనారని వంటవాణ్ణి మానిపించారు. తొమ్మిది రోజులు హోటల్ రొట్టెలే. మా ఆయనకు షుగర్, నాలుగో రోజుకే నీరసపడిపోయినాడు. పెద్దవాళ్ళకు వేళకింత అన్నం, చారు ఉంటే చాలు, మిగతావన్నీ సర్దుకుంటారు.

బురుజు దగ్గర సునీత (కర్నూలు), నవంబర్ 19
వంటవాళ్ళు ఇద్దరు వస్తారని పాంప్లెట్‌లో ఉంది అత్తా. 19 మంది అయితే వస్తారో లేదో అడుగుతాను. టూర్ మేనేజర్ సార్, ఆ 6,000 ఎక్కువ అనేది న్యాయమేనా?

అనంత పాత టూర్ మేనేజర్
కాదు. లెక్క చూడండి. 30 అనే సంఖ్య ఎక్కడినుంచి వస్తుంది? రూము, భోజనం, రైలు మనిషి లెక్కన పడతాయి. ఎంతమంది తగ్గితే అంత ఖర్చు తగ్గుతుంది. తగ్గనివి అక్కడి బస్సు, వంటవాళ్ళు, మేనేజరు. ఈ టూర్‌కు అవన్నీ కలిపి 1,80,000 అనుకుందాము. 30 మందికి పంచితే తలకు 6,000. 19 మందికి పంచితే సుమారు 9,470. తేడా దాదాపు 3,500. అందులోనూ 19 మందికి పెద్ద బస్సు అవసరం లేదు, మినీ బస్సు చాలు, బాడుగ ఇంకా దిగుతుంది. 6,000 అడిగేవాడు తన లాభం తగ్గకుండా మీ మీద వేస్తున్నాడు. "ఏ బస్సు, ఎంత బాడుగ" అని అడగండి, జవాబు చెప్పలేకపోతే మీకు తెలిసిపోతుంది.

కాలనీ యాత్రల శీను (నంద్యాల రోడ్డు)
లాభం లేకుండా ఎవరు నడుపుతారు సార్? 1,80,000 అన్నది కూడా మీ అంచనానే కదా. సీజన్‌లో అయోధ్య రూముల రేట్లు రోజుకొకటి. ముందు చెప్పిన రేటుకే దొరుకుతాయని లేదు.

అనంత పాత టూర్ మేనేజర్
అంచనానే, కాదనను. రూము రేటు పెరిగితే రూము పేరు చెప్పి అడగాలి, మనుషులు తక్కువ అని చెప్పి అడగకూడదు.

బురుజు దగ్గర సునీత (కర్నూలు), నవంబర్ 21
టికెట్ కాపీ పంపించారు. చూసి చేతులు వణికాయి. మేము డబ్బు కట్టింది అక్టోబర్ 28న. టికెట్ బుక్ చేసింది నవంబర్ 8న. నలుగురివీ వెయిటింగ్ లిస్టే, 41 నుంచి 44 వరకు. 40,000 మా దగ్గర తీసుకొని 11 రోజులు టికెట్ కూడా తీయలేదు.

గట్టిగా అడిగాము. నాన్న స్వయంగా మాట్లాడారు. "మీరు చెప్పే తేదీ 22కి జరపండి, లేకుంటే మేము 38,000 కట్టము" అన్నారు. సాయంత్రం వాట్సాప్‌లో రాసి పంపారు. 25వ తేదీ లోపు 24 మంది అయితే టూర్ ఖాయం, మనిషికి 1,500 ఎక్కువ, వంటవాళ్ళు ఇద్దరూ వస్తారు. 24 కాకపోతే అడ్వాన్సుతో సహా 60,000 వాపసు. మా చివరి వాయిదా 26కి మార్చారు.

అనంత పాత టూర్ మేనేజర్
1,500 సరిగ్గా ఉంది, 1,80,000ని 24కు పంచితే 7,500. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇప్పుడు భయం టికెట్ల గురించే. వెయిటింగ్ తేలకపోతే ఏ రైలు, ఏ క్లాసు, తేడా ఎవరిది అని అదే మెసేజ్ కింద రాయించుకోండి. నాన్నగారిని కూర్చోబెట్టి ఒకటిన్నర రోజు తీసుకుపోలేరు.

పొద్దుటూరు పద్మ
సునీతా, ఇంకా సీట్లు ఉన్నాయంటావా? 24కి ఎంతమంది తక్కువ? మా ఆయన, నేను రాగలము. కానీ నా పేరు మీద టికెట్ తీసిన కాపీ చూపిస్తేనే కడతాను.

బురుజు దగ్గర సునీత (కర్నూలు)
పొద్దున 21 అన్నారు అక్కా. నంబర్ మెసేజ్‌లో పెడతాను.