‘అనిపించింది’ భావన కిందికి వస్తుందా, మూల్యాంకనం కిందికా?

బి.ఎడ్. విద్యార్థిని, తిరుపతి: సభ్యులకు నమస్కారం. బోధనాభ్యాసంలో చెప్పిన ఒక పాఠం మీద స్వీయ సమీక్ష రాయమని కళాశాలలో అడిగారు. వర్ణన, భావనలు, మూల్యాంకనం, కార్యాచరణ ప్రణాళిక అని నాలుగు శీర్షికలు ఇచ్చారు. భావనల కింద నేను ‘సవర్ణదీర్ఘ సంధి సరిగా చెప్పలేకపోయానని అనిపించింది, ఒకమాదిరిగా అయిపోయింది’ అని రాశాను. దిద్దినవారు మొదటి మాటల కింద గీత గీసి ‘ఇది భావన కాదు’ అని, చివరి మాట పక్కన ‘అంటే ఫర్వాలేదనా?’ అని రాశారు. అనిపించినది భావన కాకుండా ఎలా పోతుంది?

చిత్తూరు సభ్యుడు: రిఫ్లెక్షన్ అంటే ప్రతిబింబం కదా, స్వీయ సమీక్ష అనడం సరైన అనువాదమేనా?

బి.ఎడ్. విద్యార్థిని: కళాశాల ఇచ్చిన కాగితంలో ఆ పేరే ఉందండీ. నా సందేహం దాని గురించి కాదు.

ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి: ‘అనిపించింది’ అనేది ముసుగు వేసుకున్న అభిప్రాయం. ఆ మాటను భావనల భాగంలోంచి పూర్తిగా తీసేస్తే సమస్య తీరిపోతుంది.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, తిరుపతి: సగం ఒప్పుకుంటాను. ‘ఏడవాలనిపించింది’ అన్నప్పుడు అది భావన కాదని ఎవరనగలరు? చూడవలసింది ‘అని’కి ముందున్న మాటను. ‘సరిగా చెప్పలేకపోయాను’ అన్నదాన్ని వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్న పర్యవేక్షకులు ‘లేదమ్మా, బాగానే చెప్పావు’ అని కాదనవచ్చు; కాదనడానికి వీలున్నది తీర్పు, దాని చోటు మూల్యాంకనం. ‘నాకు సిగ్గేసింది’ అంటే దాన్ని మరొకరు కాదనలేరు. మన భాషలో భయం వేస్తుంది, కోపం వస్తుంది, జాలి కలుగుతుంది. ఆ పేర్లు నేరుగా రాయగలిగినప్పుడు ‘అని’తో పని లేదు. అమ్మా, ఆ తరగతిలో నిజంగా ఏం జరిగిందో చెప్పు.

బి.ఎడ్. విద్యార్థిని: అంతకుముందు అడిగినవాటికి పిల్లలు జవాబులు చెబుతూనే ఉన్నారు. ‘విద్యార్థి’ని విడదీయమని అడిగితే ఒక అబ్బాయి లేచి ‘విద్యార్, థి’ అన్నాడు సార్. తరగతి అంతా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ‘కూర్చో’ అన్నాను. తర్వాత పిల్లలు పాఠం పట్టించుకోలేదు.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు: చివరి వాక్యం చూడు. ‘పట్టించుకోలేదు’ అనగానే వర్ణనలోకి తీర్పు దూరిపోయింది. నువ్వు కళ్లతో చూసిందేమిటి?

బి.ఎడ్. విద్యార్థిని: ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగాను. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. ఆ అబ్బాయి పుస్తకం మూసేశాడు.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు: అదీ వర్ణన. ఇప్పుడు మూల్యాంకనం దానంతట అదే వస్తుంది: ఆ క్షణం దాకా పిల్లలు జవాబులు చెబుతూనే ఉన్నారు కాబట్టి ఉదాహరణలు పనిచేశాయి; నువ్వు నవ్వడమే పాఠాన్ని ఆపింది. ఇక ఆ జవాబు అంత నవ్వదగినదీ కాదు. ఈ సంధి జరిగేది అచ్చుల మధ్య. మన లిపిలో అచ్చు గుణింతంలో కలిసిపోయి విడిగా కనిపించదు కనుక, పిల్లవాడు కంటికి కనిపించిన అక్షరం దగ్గర మాటను విరిచాడు. వాడు తప్పు చెప్పాడని రాసి వదిలేస్తే ఈ కారణం నీకు దొరికేది కాదు.

నర్సింగ్ అధ్యాపకురాలు, చిత్తూరు: మా పిల్లల దగ్గర ఇబ్బంది ఇంకొక చోట వస్తుంది. మేము గ్రాహం గిబ్స్ 1988లో రాసిన ఆరు మెట్ల చక్రాన్ని వాడతాము. అందులో మూల్యాంకనం తర్వాత విశ్లేషణ, ముగింపు కూడా ఉంటాయి. వార్డులో మొదటిసారి సూది వేసిన రోజు గురించి రాయమంటే రెండు పేజీలు వర్ణనే రాసి, కార్యాచరణ ప్రణాళిక కింద ‘ఇకపై జాగ్రత్తగా ఉండాలి’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఎవరు ఉండాలి, ఎప్పుడు, ఏ పనిలో?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు: మంచి మాట పట్టుకున్నారు మేడమ్. ‘ఉండాలి’కి కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది, ‘చేస్తాను’ అంటే నేను తప్పించుకోలేను. ప్రణాళికలో క్రియలన్నీ ‘-తాను’తో ముగించి చూడమని నేను చెబుతుండేవాణ్ణి. అయితే ‘ప్రయత్నిస్తాను’ కూడా ‘-తాను’తోనే ముగుస్తుంది, కాబట్టి ఈ పరీక్షకూ హద్దు ఉంది.

బి.ఎడ్. విద్యార్థిని: ఇలా మార్చాను సార్. భావనలు: ‘అబ్బాయి జవాబుకు నవ్వొచ్చింది, వాడు పుస్తకం మూసినప్పుడు సిగ్గేసింది, మిగిలిన సమయమంతా భయంగా ఉంది.’ ప్రణాళిక: ‘వచ్చే సోమవారం గుణసంధి పాఠంలో మొదటి మూడు పదాలకు అచ్చులను రంగు సుద్దతో విడిగా రాసి చూపిస్తాను. జవాబులు ముందు రెండు నిమిషాలు నోటు పుస్తకంలో రాయించి, వచ్చిన జవాబులన్నీ పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెడతాను. నాలుగు ప్రశ్నలకు ఎన్ని చేతులు లేచాయో లెక్కపెడతాను.’ కానీ లిపి గురించి మీరు చెప్పిన కారణం ఎక్కడ రాయాలి? మాకు విశ్లేషణ శీర్షిక లేదు.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు: మూల్యాంకనం చివర రాయమంటాను. ప్రణాళికలో రంగు సుద్ద ఎందుకు వచ్చిందో దాని వల్లే తెలుస్తుంది.

నర్సింగ్ అధ్యాపకురాలు: నేనైతే కారణాన్ని మూల్యాంకనంలో కలపనివ్వను. మంచీ చెడూ బేరీజు వేయడం ఒకటి, ఎందుకిలా జరిగిందని తవ్వడం ఇంకొకటి. శీర్షిక లేకపోతే వేరే పేరా అయినా పెట్టు.

శ్రీకాళహస్తి ఉపాధ్యాయుడు: ‘ఒకమాదిరి’ సంగతి మాత్రం తేలలేదు. మన వైపు ‘నాకు ఒకమాదిరిగా అయిపోయింది’ అంటే మనసు చివుక్కుమందనే అర్థం. దిద్దినవారు దాన్ని మధ్యస్థం అనుకుని మూల్యాంకనంగా చదివారు. తప్పు రాసినవారిదా, చదివినవారిదా?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు: మాట తప్పు కాదు, అది అచ్చమైన భావనే. కాకపోతే అది సిగ్గో, దిగులో, కోపమో చెప్పకుండా దాటేస్తుంది. ఆ అమ్మాయి ‘సిగ్గేసింది’ అని రాసుకున్న తర్వాత దాన్ని ఉంచాలో తీసేయాలో ఆమెకే వదిలేస్తాను.