వాన మెనూలో బజ్జీ, టీ గురించి ఏం రాయాలి? (నెల్లూరు క్లౌడ్ కిచెన్)

నెల్లూరు_వంటిల్లు: వానాకాలం మెనూ పెడదామనుకుంటున్నా. మిర్చి బజ్జీకి "చిటపట చినుకుల వేళ వేడి వేడి కరకరలాడే బజ్జీలు, అమ్మ చేతి రుచి" అని రాశా, కానీ యాప్‌లో ఎవరిది చూసినా ఇదే ఉంది. ఇంకెట్టా రాయాలి?

కావలి_అబ్బాయి: వాన అనే మాట మాత్రం ఉండాలి బ్రో, అది చూసే నొక్కుతారు. జులైలోనే పెట్టేయ్, లేటైతే సీజన్ పోద్ది.

ఒంగోలు_అక్క: జులై హైదరాబాద్ వాళ్లకి తమ్ముడూ. మనకి అప్పుడు పడమటి గాలి, ఉక్క. మన అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ముసురే, బట్టలారవు, కరెంటు ఉండదు, పిల్లలకి సెలవు. చినుకుల వర్ణన కంటే ఆ రోజు ఇంట్లో ఎట్టా ఉంటుందో రాస్తే మనోళ్లకి ఇట్టే తగుల్తుంది.

ఇంకోటి, "కరకర" తీసెయ్ అమ్మా. మూత పెట్టిన డబ్బాలో బజ్జీ ఆవిరికే మెత్తబడిపోద్ది, నువ్వు కరకర అని రాస్తే కస్టమర్ దాన్నే పట్టుకుని రేటింగ్ కోస్తాడు. చేసే పని రాయి. నేనైతే ఇట్టా రాస్తా:

"బజ్జీ మిర్చి నిలువునా చీల్చి, గింజ తీసి, వాము చింతపండు ముద్ద కూరి వేయించినవి. ఉల్లిముక్కలు, నిమ్మచెక్క విడి పొట్లంలో."

వాన మాటే లేదు, అయినా నోరూరుతుంది. వాము, చింతపండు మొదటి లైన్లోనే రావాలి, ఫోన్‌లో అదే కనపడేది. కరకర కావాలంటే ఆ మాట గట్టి పకోడీకి వాడు, అది దారిలో కాస్త నిలబడుద్ది.

కందుకూరు_టిఫిన్స్: మా పునుగులు నూనె తెగ తాగుతున్నాయి, పిండి బాగా పులిస్తే అట్టా అవుతుందా?

ఒంగోలు_అక్క: అవుద్ది, పిండి పల్చనైనా, నూనె సరిగా కాగకపోయినా అంతే. దానికి వేరే పోస్ట్ పెట్టు అన్నా.

నెల్లూరు_వంటిల్లు: అక్కా సూపర్. మరి టీకి? "మట్టి వాసనతో అల్లం టీ" అని ఉంది.

ఒంగోలు_అక్క: టీలో మట్టి వాసనేంటి తల్లీ, తాగేవాడు ఏమనుకుంటాడు! ఫ్లాస్కులో పంపుతావు కదా, అదే చెప్పు: "అల్లం దంచి నీళ్లలో మరిగించాకే పాలు పోసిన టీ. అర లీటరు ఫ్లాస్కు, ఐదు చిన్న గ్లాసులకి సరి. ముసురు పట్టి అందరూ ఇంట్లోనే ఉన్న రోజుకి." వాన ఒక్క చోటే, చివర్లో.

కావలి_అబ్బాయి: బాగుంది గానీ అక్కా, వాన అని వెతికేవాడికి ముసురు అంటే దొరకదు కదా?

ఒంగోలు_అక్క: అది నిజమే. మెనూ పేరులో వాన పెట్టి, ఐటమ్ కింద వదిలేస్తే సరిపోద్దేమో, నేనైతే పెట్టి చూళ్లేదు. ఎవరన్నా చూశారా?

నెల్లూరు_వంటిల్లు: పై సెక్షన్‌కి "వాన రోజు" అని పెట్టి ఈ రెండూ మార్చేస్తున్నా. మసాలా వడ కూడా రాసి రాత్రికి ఇక్కడ పెడతా, చూసి చెప్పండి.