కోల్డ్ స్టోరేజీ స్టాక్ యాప్: క్యూలో ప్రతి ఎంట్రీ ఉండాలా, చివరి సంఖ్య చాలా?

గాజువాక డెవ్:
విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి ఆండ్రాయిడ్‌లో స్టాక్ యాప్ రాస్తున్నాం. గది లోపల సిగ్నల్ అస్సలు ఉండదు. ఎంట్రీలు ఫోన్‌లో దాచి, నెట్ వచ్చాక పంపాలి. మూడు ఫోన్లు వాడతారు. క్యూలో ప్రతి ఎంట్రీనీ విడివిడిగా ఉంచాలా, లేక ఒక్కో లాట్‌కి మిగిలిన బాక్సుల చివరి సంఖ్య పంపితే సరిపోతుందా? మా టీంలో చివరి సంఖ్య వైపే మొగ్గు. రాత్రి ఒకరు గదిలోకి వెళ్లి బాక్సులు లెక్కపెట్టి, ఆ సంఖ్య కూడా ఎక్కిస్తారు. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఆలోపు యాప్ సిద్ధం కావాలి.

మధురవాడ మొబైల్:
చివరి సంఖ్య చాలు బ్రో. క్యూ పెరగదు, పంపే డేటా తక్కువ, కోడ్ తక్కువ. ప్రతి ఎంట్రీకీ ఫోన్ టైమ్ జత చేయండి, ఎవరి టైమ్ తర్వాతిదైతే సర్వర్ దాన్నే ఉంచుకుంటుంది. మేం కస్టమర్ల అడ్రస్‌లు మార్చే యాప్ ఇలాగే చేశాం, ఏళ్లుగా నడుస్తోంది. అసలు సొంతంగా క్యూ రాయడం ఎందుకు? ఫైర్‌స్టోర్ పెట్టుకుంటే ఆఫ్‌లైన్ సంగతి అదే చూసుకుంటుంది.

సర్వర్ గది:
అడ్రస్‌కి ఆ పద్ధతి సరైనదే. కొత్త అడ్రస్ వచ్చాక పాతదానితో పని లేదు కాబట్టి. బాక్సుల సంఖ్య అలాంటిది కాదు. రెండు ఫోన్లతో చూద్దాం.

ఉదయం ఒక రొయ్యల లాట్‌లో 120 బాక్సులు ఉన్నాయి, ఫోన్లన్నీ అదే చూపిస్తున్నాయి. గది లోపలి ఫోన్లో 30 బాక్సులు బయటికి పంపినట్టు కొట్టారు. ఆ ఫోన్ లెక్కలో మిగిలినవి 90. ఈలోగా గేటు దగ్గరి ఫోన్లో ఇంకో 50 పంపినట్టు కొట్టారు. ఆ ఫోన్‌కి లోపలి 30 సంగతి తెలియదు, దాని లెక్కలో మిగిలినవి 70. ఇప్పుడు ఏ ఫోన్ సంఖ్య తర్వాత వచ్చినా, సర్వర్‌లో నిలిచేది 90 గానీ 70 గానీ. గదిలో నిజంగా ఉన్నవి 40. ఇక్కడ టైమ్ ఎంత కచ్చితంగా ఉన్నా లాభం లేదు, రెండు సంఖ్యలూ తప్పే.

అదే ఒక ఫోన్ "30 తగ్గించు", ఇంకోటి "50 తగ్గించు" అని పంపితే, ఏది ముందొచ్చినా 40 వస్తుంది. కాబట్టి క్యూలో ఉండాల్సింది ఎంట్రీ. మిగిలిన సంఖ్య ఫోన్లో చూపించడానికి మాత్రమే: సర్వర్ చెప్పిన ఆఖరి సంఖ్యలోంచి, ఇంకా పంపని ఎంట్రీలు తీసేస్తే వచ్చేది. దాన్ని సర్వర్‌కి ఎప్పుడూ పంపకండి.

క్యూ పెరుగుతుందన్న భయం ఈ పనికి అక్కర్లేదు. ఒక ఎంట్రీ కొన్ని వందల బైట్లు. షిఫ్టంతా ఆఫ్‌లైన్‌లో ఉన్నా ఒక ఫోటో అంత కూడా కాదు.

హార్బర్ గుమస్తా:
సార్, గదిలో సిగ్నల్ లేకపోతే ఒక వైఫై పెట్టించుకుంటే పోదా? ఇంత చర్చ దేనికి? గోడల్లో రేకు ఉంటుంది, అందుకే సిగ్నల్ రాదు. మా దగ్గర లోపలే చిన్న బాక్స్ బిగించారు.

ఇంకో సంగతి. మా ఐస్ బిల్లుల యాప్‌లో ఒక్కోసారి ఒకే బిల్లు రెండుసార్లు పడుతోంది. బోటు ఓనర్లు గొడవ పెడుతున్నారు. మా కుర్రాడు ఒక్కసారే నొక్కానంటాడు. ఇది కూడా ఇదేనా?

సర్వర్ గది:
వైఫై ఉంటే మంచిదే గుమస్తా గారూ. కానీ కరెంటు పోతే అదీ పోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా ఫోన్లు మూగబోయాయి కదా. యాప్ నెట్ లేకుండా నిలబడాలి, వైఫై అదనం.

మీ బిల్లు సంగతి ఈ చర్చలో అసలైన సగం. మీ కుర్రాడు నిజమే చెప్తున్నట్టున్నాడు. ఫోన్ బిల్లు పంపింది, సర్వర్ రాసుకుంది, "అందింది" అనే జవాబు వెనక్కి వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్ దృష్టిలో బిల్లు వెళ్లలేదు, మళ్లీ పంపింది. సర్వర్ దృష్టిలో అది కొత్త బిల్లు. ఫోన్ చేసింది సరైన పనే, ఎందుకంటే జవాబు రాకపోతే వెళ్లిందో లేదో దానికి తెలిసే మార్గం లేదు. గుర్తుపట్టాల్సింది సర్వర్.

అందుకు ప్రతి ఎంట్రీకీ ఒక ప్రత్యేకమైన నంబర్ కావాలి. బటన్ నొక్కిన క్షణంలోనే ఆ నంబర్ పుట్టాలి. చాలామంది దాన్ని పంపే ఫంక్షన్ లోపల పుట్టిస్తారు. అప్పుడు మళ్లీ పంపిన ప్రతిసారీ కొత్త నంబర్ వస్తుంది, ఇక ఆ నంబర్ ఉండీ లేనట్టే. సర్వర్ వైపు పోస్ట్‌గ్రెస్‌లో ఇంత చాలు:

```sql
WITH fresh AS (
  INSERT INTO applied_ops (op_id, lot_id, delta)
  VALUES ($1, $2, $3)
  ON CONFLICT (op_id) DO NOTHING
  RETURNING lot_id, delta
)
UPDATE lots SET boxes = boxes + fresh.delta
FROM fresh WHERE lots.id = fresh.lot_id;
```

అదే నంబర్ రెండోసారి వస్తే స్టాక్ కదలదు. ఫోన్‌కి మాత్రం "అందింది" అనే చెప్పాలి, ఎర్రర్ ఇవ్వకూడదు. ఎర్రర్ ఇస్తే ఫోన్ పంపుతూనే ఉంటుంది.

ఫోన్ వైపు కూడా ఒక జాగ్రత్త. స్క్రీన్ మీద సంఖ్య మార్చడం, క్యూలో ఎంట్రీ రాయడం, రెండూ ఎస్‌క్యూలైట్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. లేకపోతే మధ్యలో యాప్ ఆగిపోయినప్పుడు స్క్రీన్ 90 చూపిస్తుంది, క్యూలో ఏమీ ఉండదు. ఆ 30 బాక్సులు ఎప్పటికీ సర్వర్‌కి చేరవు.

మధురవాడ మొబైల్:
సరే, సంఖ్యకి తగ్గింపు పంపడం ఒప్పుకుంటా. కానీ ఫైర్‌స్టోర్‌లో `increment` ఉంది కదా, ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేస్తుంది. ఇదంతా చేత్తో రాయడం ఎందుకనే నా ప్రశ్న.

సర్వర్ గది:
పనిచేస్తుంది. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు తగ్గించారన్న ఎంట్రీ దానివల్ల మిగలదు, అది మీరు విడిగా రాసుకోవాలి. స్టాక్ చూసి నిర్ణయం తీసుకునే ట్రాన్సాక్షన్లు కూడా అక్కడ ఆఫ్‌లైన్‌లో నడవవు. వాడొద్దని కాదు, వాడినా ఎంట్రీల జాబితా మాత్రం ఉండాల్సిందే.

లెక్కల మేడం:
నేను ప్రోగ్రామర్‌ని కాదు, కోల్డ్ స్టోరేజీల లెక్కలు చూస్తాను. రెండు మాటలు చెప్పాలి.

మొదటిది. లాట్‌లో 20 మాత్రమే ఉన్నాయని సర్వర్ అనుకుంటున్నప్పుడు "30 తగ్గించు" వస్తే చాలా యాప్‌లు తిప్పికొడతాయి. అలా చేయకండి. బాక్సులు అప్పటికే లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఆ ఎంట్రీ అనుమతి అడగడం లేదు, జరిగింది చెప్తోంది. స్టాక్ మైనస్ 10 చూపించనివ్వండి, ఎర్ర రంగులో. ఏదో లాట్ నంబర్ తప్పు కొట్టారని మాకు వెంటనే తెలుస్తుంది. తిప్పికొడితే ఆ ఎంట్రీ ఫోన్లోనే ఉండిపోతుంది, దాని వెనకున్నవీ ఆగిపోతాయి.

రెండోది, రాత్రి లెక్క. దీని గురించి ఎవరూ మాట్లాడలేదు. పైన చెప్పిన లాటే తీసుకోండి. లోపలి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, ఆ 30 ఎంట్రీ అందులోనే చిక్కుకుంది. సర్వర్‌లో 70 ఉంది. రాత్రి 9కి మనిషి లెక్కపెడితే గదిలో 40. సర్వర్‌ని 40కి మార్చారు, 30 తగ్గాయని రిపోర్టు వచ్చింది. తెల్లారి ఆ ఫోన్ ఛార్జింగ్ పెట్టారు, అది "30 తగ్గించు" అని పంపింది. ఇప్పుడు సర్వర్‌లో 10. పైగా రాత్రంతా వాచ్‌మన్ మీద దొంగతనం అనుమానం. ఇలాంటి 30 బాక్సుల కోసం మనుషుల ఉద్యోగాలు పోతాయి.

సర్వర్ గది:
మేడం, ఈ చర్చలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మీ మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

రాత్రి లెక్కను "40కి మార్చు" అని రాయకూడదు. "9 గంటలకు గదిలో 40 ఉన్నాయి" అనే ఎంట్రీగానే ఉంచాలి. ఇప్పటి స్టాక్ అంటే ఆఖరి లెక్క, దాని తర్వాత జరిగిన ఎంట్రీలు. లెక్కకు ముందు జరిగి ఆలస్యంగా చేరిన ఎంట్రీ స్టాక్‌ని కదపదు, రాత్రి చూపించిన తేడాని మాత్రం తగ్గిస్తుంది. మీ ఉదాహరణలో తెల్లారి 30 వచ్చినప్పుడు స్టాక్ 40గానే ఉంటుంది, తేడా 30 నుంచి సున్నాకి వస్తుంది.

అంటే సర్వర్‌కి ఎంట్రీ చేరిన టైమ్ కాదు, జరిగిన టైమ్ కావాలి. ఫోన్ గడియారాన్ని నమ్మలేం, ఎవరైనా మార్చేస్తారు. ఆండ్రాయిడ్‌లో `SystemClock.elapsedRealtime()` ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు ఇస్తుంది. గడియారం మార్చినా అది మారదు, ఫోన్ నిద్రలో ఉన్నా ఆగదు. సర్వర్‌తో మాట్లాడిన ప్రతిసారీ సర్వర్ టైమ్‌నీ ఈ విలువనీ జంటగా దాచుకోండి. బటన్ నొక్కినప్పుడు, ఆ జంట తర్వాత ఎంత సమయం గడిచిందో కలిపి, అసలు టైమ్ లెక్కకట్టి ఎంట్రీతోనే రాసేయండి. తర్వాత ఛార్జింగ్ పోయినా ఆ టైమ్ పోదు. అయితే రీస్టార్ట్ అయ్యాక మళ్లీ నెట్ తగిలేవరకు కొట్టిన ఎంట్రీలకు ఈ కొలత దొరకదు. వాటికి "టైమ్ నమ్మకం లేదు" అని గుర్తు పెట్టి, మనిషికి చూపించాలి.

గాజువాక డెవ్:
లెక్కపెడుతున్న పది నిమిషాల్లోనే బాక్సులు బయటికి వెళ్తుంటే? అది ముందా, తర్వాతా?

సర్వర్ గది:
దానికి కోడ్‌లో జవాబు లేదు. లెక్క మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆ లాట్‌ని కదపకూడదు. ఇంకా మంచిది, లెక్కకు ముందు మూడు ఫోన్లనూ గది బయటికి తెచ్చి, మూడింట్లోనూ "పంపాల్సినవి 0" అని కనిపించాకే మొదలుపెట్టడం. ఆ సంఖ్యని స్క్రీన్ పైన పెద్దగా చూపించండి. వర్క్‌మేనేజర్ దానంతట అదే పంపుతుందిలే అని వదిలేయకండి. విఫలమైన కొద్దీ అది మళ్లీ ప్రయత్నించే గడువు పెంచుకుంటూ పోతుంది, 5 గంటల వరకు పెరగవచ్చు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం బ్యాక్‌గ్రౌండ్ పనిని ఆపేస్తాయి కూడా. "ఇప్పుడే పంపు" అనే బటన్ తప్పనిసరి.

హార్బర్ గుమస్తా:
లాట్ కదపొద్దంటే కుదరదు సార్. వేట మొదలయ్యాక లారీ గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడుతుంది. డ్రైవర్‌ని పది నిమిషాలు ఆగమంటే మా మీద అరుస్తాడు. లెక్కపెట్టేవాడే వెళ్లిన బాక్సులను కాగితం మీద రాసుకుని చివర్లో కలుపుకుంటాడు. మా దగ్గర ఇన్నాళ్లూ అలాగే జరుగుతోంది.

లెక్కల మేడం:
అలా చేస్తే అవే బాక్సులు గేటు ఫోన్లోనూ ఎక్కుతాయి, రెండుసార్లు లెక్కవుతాయి. నేను ఒప్పుకోను. ఆలస్యంగా వచ్చిన ఎంట్రీ తేడాని సరిచేస్తుందన్నది బాగుంది, కానీ ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఉదయం 10కి నేను రిపోర్టు పంపేయాలి. పంపాక తేడా మారితే నా సంతకం ఉన్న కాగితం తప్పవుతుంది.

మధురవాడ మొబైల్:
అందుకే గడువు పెట్టాలంటాను. 12 గంటలు దాటి వచ్చిన ఎంట్రీని తీసుకోకూడదు.

సర్వర్ గది:
తీసుకోకపోతే ఆ బాక్సులు ఎవరు తీశారన్న ఒకే ఒక్క ఆధారాన్ని పారేసినట్టే. ఎప్పుడొచ్చినా తీసుకోవాలి. పాత రిపోర్టు మార్చకుండా, మర్నాటి రిపోర్టులో "నిన్నటి తేడాలో 30కి వివరం దొరికింది" అని విడిగా చూపించవచ్చు. అది మేడం గారికి సరిపోతుందో లేదో వారే చెప్పాలి.

లెక్కల మేడం:
మా ఆడిటర్‌ని అడిగి చెప్తాను. నాకైతే అభ్యంతరం లేదు, వాచ్‌మన్ పేరు మాత్రం ఆ వివరం వచ్చేదాకా ఏ రిపోర్టులోనూ రాకూడదు.

గాజువాక డెవ్:
ప్రతి ఎంట్రీ విడిగా, నొక్కినప్పుడే నంబర్, మైనస్ స్టాక్‌కి ఎర్ర రంగు, ఇవి ఈ వారమే మొదలుపెడుతున్నాం. లెక్క సమయంలో లాట్ ఆపాలా వద్దా అన్నది కోల్డ్ స్టోరేజీ మేనేజర్‌తోనే తేల్చుకోవాలి. గుమస్తా గారూ, ఒక రాత్రి మీ దగ్గర లెక్క ఎలా జరుగుతుందో వచ్చి చూడొచ్చా?

హార్బర్ గుమస్తా:
రండి తమ్ముడూ, నిషేధం అయిపోయాక రండి. ఇప్పుడు గదులు ఖాళీ. వచ్చేటప్పుడు ఆ డబుల్ బిల్లు సంగతి కూడా ఒకసారి చూసి పెట్టండి.