పేజీ ర్యాంక్‌లో బయటికి లింకులు లేని పేజీని ఏం చేయాలి?

పేజీ ర్యాంక్ సొంతంగా కోడ్ రాస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను. చూసినవాళ్ళు చెప్పండి.

A నుంచి B, C లకు లింకులున్నాయి. B నుంచి C కి ఉంది. C నుంచి ఎక్కడికీ లేదు. డ్యాంపింగ్ 0.85. తలా 1/3 తో మొదలుపెడితే మొత్తం 1 ఉండాలి కదా, మొదటి రౌండ్‌కే 0.717 కి పడిపోయింది, చివరికి 0.253 దగ్గర నిలిచింది. C కి చేరిన స్కోరు తిరిగి ఎవరికీ అందడం లేదు, కారణం అదే.

C ని తీసేద్దామంటే అప్పుడు B కీ అదే గతి. అందుకని ప్రతి రౌండ్‌లో C స్కోరును మూడు పేజీలకూ సమానంగా పంచాను. A 0.198, B 0.282, C 0.521 వచ్చాయి. విచిత్రంగా, ఏమీ పంచకుండా చివర్లో మొత్తంతో భాగించినా సరిగ్గా ఇవే అంకెలు!

ఇది ఎప్పుడూ నిజమేనా? 0.85 పోగా మిగిలే 0.15 వాటాను అన్ని పేజీలకూ సమానంగా కాకుండా, నమ్మకమైన కొన్ని పేజీలకే ఇస్తే కూడా ఇలాగే సరిపోతుందా?