మేలుకొలిపే మాత్ర తర్వాత మద్యం, నిద్రమాత్ర: ఒకటి మరొకదాన్ని సరిచేస్తుందా?

మారతహళ్లి మిత్రుడు: సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రాత్రుల్లో మా ఫ్లాట్‌లో వాళ్లు మిథైల్‌ఫెనిడేట్ వేసుకుని మేలుకుంటారు. పని అయ్యాక నిద్ర పట్టడానికి విస్కీ తాగుతారు, అదీ చాలకపోతే ఆల్‌ప్రాజోలం వేసుకుంటారు. ఒకటి లేపేది, ఒకటి దించేది కాబట్టి లెక్క సరిపోతుందంటున్నారు. నిజమేనా?

కోరమంగల పాఠకుడు: మద్యాన్ని నేను సమర్థించను గానీ, మాత్ర విషయంలో వారు చెప్పేది చాలావరకు సరైనదే అనుకుంటున్నాను. ఉత్తేజక మందు ఎక్కువై దడతో, ఆందోళనతో వచ్చినవారికి ఆసుపత్రిలో డాక్టర్లే లోరజెపామ్ ఇస్తారు. ఆల్‌ప్రాజోలం కూడా ఆ కుటుంబానిదే కదా. అక్కడ వైద్యమైనది ఇంట్లో ప్రమాదం ఎలా అవుతుంది?

అత్యవసర విభాగం నర్సు: ఆ సూది నేనే ఎన్నోసార్లు వేశాను, కాబట్టి ఆ మాట కాదనను. అయితే మేము కొద్దికొద్దిగా ఇస్తూ, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చూస్తూ, శ్వాస మందగిస్తే చేత్తో నొక్కి గాలి అందించే ఆంబూ బ్యాగు పక్కనే ఉంచుకుంటాం. మద్యం తాగారా అన్నది ముందే అడుగుతాం. ఫ్లాట్‌లో ఇవేవీ ఉండవు, పక్కనున్నవాళ్లు కూడా నిద్రలోనే ఉంటారు.

అసలు తప్పు లెక్కలోనే ఉంది. మేలుకొలిపే మందు మద్యాన్ని రక్తంలోంచి తీసేయదు, తూగు తెలియకుండా కప్పిపెడుతుంది, అంతే. రాత్రి 9 గంటలకు వేసుకున్న మామూలు మిథైల్‌ఫెనిడేట్ సుమారు 4 గంటలు పనిచేసి 1 గంటకల్లా దిగిపోతుంది. 12 నుంచి 2 దాకా 60 మి.లీ. పెగ్గులు మూడు తాగారనుకోండి. మొదట్లో ఎక్కినట్టు అనిపించదు కాబట్టి చేయి ఆగదు. 30 మి.లీ. విస్కీ ఖర్చు కావడానికి కాలేయానికి సుమారు గంట పడుతుంది, అంటే 2 గంటలకు ఇంకా 120 మి.లీ. దాకా మిగిలే ఉంటుంది. అప్పుడు వేసుకున్న ఆల్‌ప్రాజోలం 3, 4 గంటల మధ్య రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది, అందులో సగం మర్నాడు మధ్యాహ్నం దాకా ఒంట్లోనే ఉంటుంది. ఆ వేళకు లేపే మందు లేదు, మద్యమూ మాత్రా రెండూ కలిసి శ్వాసను అణచివేస్తున్నాయి.

ఒకసారి తెల్లవారుజామున ఒక కుర్రవాణ్ణి స్నేహితులు మోసుకొచ్చారు. "గురక పెడుతున్నాడు కదా, గాఢంగా నిద్రపోయాడనుకున్నాం" అన్నారు. అది గురక కాదు, నాలుక వెనక్కి జారి గాలి దారి సగం మూసుకుపోయిన గరగర శబ్దం. పెదవులు నీలంగా ఉన్నాయి, నిమిషానికి ఆరు శ్వాసలే తీస్తున్నాడు. బతికాడు. ఛాతీ మధ్య ఎముకను పిడికిలితో గట్టిగా రుద్దినా లేవని మనిషిని పక్కకు ఒత్తిగిలించి, వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా శ్వాసలు లెక్కపెడుతూ ఉండాలి. చన్నీళ్లు పోయడం, కాఫీ పట్టడం, మళ్లీ లేపే మాత్ర ఇవ్వడం చేయకూడదు.

రాజాజీనగర్ గృహిణి: మా అమ్మగారు ఎనిమిదేళ్లుగా డాక్టరు రాసిన ఆల్‌ప్రాజోలం రాత్రిళ్లు వేసుకుంటున్నారు, పొద్దున్నే రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగుతారు. ఇది చదివాక ఈ రాత్రి నుంచే మాత్ర మాన్పించేద్దామనుకుంటున్నాను.

అత్యవసర విభాగం నర్సు: దయచేసి అలా చేయకండమ్మా. ఇన్నేళ్లు వాడిన మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తగ్గించాలనుకుంటే రాసిన డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఉదయం కాఫీకి ఈ చర్చతో సంబంధం లేదు.

మారతహళ్లి మిత్రుడు: వాళ్లలో ఒకడు ఆరు వారాలుగా దాదాపు రోజూ ఇలాగే చేస్తున్నాడండీ. పదకొండింటికి తల దిమ్ముగా లేచి, మీటింగులో కూర్చోలేక మళ్లీ లేపే మాత్ర వేసుకుంటున్నాడు.

అత్యవసర విభాగం నర్సు: నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. మద్యంతో, మాత్రతో వచ్చిన నిద్రలో అలసట పూర్తిగా తీరదు, ఆ లోటు పూడ్చడానికి పగలు లేపే మందు పెరుగుతుంది, అది దిగడానికి రాత్రి మాత్ర పెరుగుతుంది. ఆరు వారాలంటే ఒళ్లు అలవాటు పడి ఉండవచ్చు, కాబట్టి అతను కూడా ఒక్కసారిగా మానకూడదు. బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో వ్యసన చికిత్స విభాగం ఉంది. ముందు మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

కోరమంగల పాఠకుడు: మద్యంతో కలిపితే ప్రమాదమని ఒప్పుకుంటున్నాను. మద్యం లేకుండా ఎప్పుడో ఒక రాత్రి ఒక్క మాత్ర విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఇంకొక మాట, పోలీసుల భయంతోనే చాలామంది 108కి చేయరు. దానికేమంటారు?

అత్యవసర విభాగం నర్సు: ఏం వేసుకున్నారని మేము అడిగేది వైద్యం కోసమే. అయినా ఇలాంటివి పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసుగా నమోదయ్యే అవకాశం ఉంది, ఆ పైన ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. ఆ కుర్రవాడి స్నేహితులు కూడా ఆ భయంతోనే గంటసేపు ఆగారు.