పెళ్లయిన మొదటి ఏడాదే అమెరికా పన్ను రిటర్ను 20,483 డాలర్లు కట్టమంటోంది. పెళ్లి జరిమానా అంటే ఇదేనా?

షార్లెట్_వాసి · ఏప్రిల్ 5, 2025

అందరికీ నమస్కారం. మా పెళ్లి 2023 డిసెంబరులో గుంటూరులో జరిగింది. తిరిగి వచ్చాక జనవరిలో ఇద్దరమూ కొత్త ఉద్యోగాల్లో చేరాము. అంతకుముందు చెరి 1,15,000 వచ్చేది, ఇప్పుడు చెరి 1,90,000. ఇల్లు లేదు, పిల్లలు లేరు. ఇంటి కోసం డబ్బు కూడబెడుతున్నందున 2024లో 401కె కూడా వేయలేదు.

నిన్న రాత్రి జాయింట్‌గా రిటర్ను నింపాము. మొదట నా డబ్ల్యూ-2 ఎక్కించినప్పుడు అంతా సరిగ్గానే ఉంది. మా ఆవిడది ఎక్కించగానే పైన అంకె ఎర్రబడి 20,483 బాకీ అని చూపించింది. మూడుసార్లు చెరిపి మళ్లీ నింపాము, మార్పు లేదు. ఇంటికని దాచినదాంట్లో పెద్ద ముక్క పోతుంది. పెళ్లి చేసుకున్నందుకు ఇరవై వేలు కట్టాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. విడివిడిగా వేస్తే తగ్గుతుందా?

నేపర్‌విల్_బాబాయి

తప్పకుండా తగ్గుతుంది. అమెరికాలో ఇద్దరూ బాగా సంపాదిస్తే పెళ్లి జరిమానా పడుతుంది. ఒకరే సంపాదిస్తే లాభం. మీరిద్దరూ సెపరేట్‌గా వేయండి, పెళ్లికి ముందు ఎలా ఉండేదో అలాగే అవుతుంది. మా బంధువుల అబ్బాయి అలాగే చేశాడు.

ఎడిసన్_ఈఏ

బాబాయిగారూ, మీ మొదటి మాట సగం నిజం, రెండో మాట నిజం కాదు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాదికి ‘సింగిల్’ అనే దారి మూసుకుపోతుంది. సెపరేట్ అనేది సింగిల్ కాదు. దానికి వేరే గీతలున్నాయి, వాటిలో కొన్ని సింగిల్ కంటే కఠినంగా ఉంటాయి.

షార్లెట్ తమ్ముడూ, లెక్క చెప్పే ముందు రెండు విషయాలు చెప్పు. మీ ఇద్దరి డబ్ల్యూ-2ల్లో రెండో పెట్టెలో, అంటే జీతంలో కోసిన పన్ను, ఎంత ఉంది? జనవరిలో ఉద్యోగంలో చేరినప్పుడు, ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఎలా నింపారు?

షార్లెట్_వాసి

రెండో పెట్టెలో ఇద్దరికీ 25,482. డబ్ల్యూ-4లో ఇద్దరమూ పెళ్లయి జాయింట్ అని గుర్తు పెట్టాము. మిగతాదంతా ఖాళీగా వదిలి సంతకం చేశాము. అందులో తప్పేముంది? నిజమే కదా?

ఎడిసన్_ఈఏ

నిజమే, కానీ సగమే చెప్పారు. ఓపికగా చదువు. నీ బాకీలో దాదాపు అంతా ఇక్కడే ఉంది.

ముందు మీకు పెళ్లి కాలేదనుకుందాం. ఒక్కొక్కరి జీతం 1,90,000. 2024లో సింగిల్‌కు స్టాండర్డ్ డిడక్షన్ 14,600. మిగిలిన 1,75,400 మీద పన్ను 35,138.50. ఇద్దరిదీ కలిపితే 70,277.

ఇప్పుడు జాయింట్. మొత్తం 3,80,000, డిడక్షన్ సరిగ్గా రెట్టింపు 29,200. మిగిలిన 3,50,800 మీద పన్ను 70,277. ఒక్క డాలరు కూడా తేడా లేదు. 2018 నుంచి జాయింట్ శ్లాబులు సింగిల్ శ్లాబులకు సరిగ్గా రెట్టింపుగా ఉన్నాయి. ఒక్క 35 శాతం శ్లాబు చివర మాత్రం రెట్టింపు కాదు: సింగిల్‌కు 6,09,350, జాయింట్‌కు 7,31,200. మీరు అంత దూరం వెళ్లలేదు. కాబట్టి సమాన జీతాలున్న మీకు ఆదాయపు పన్నులో జరిమానా లేదు, లాభమూ లేదు.

మరి బాకీ ఎక్కడిది? మీ ఇద్దరి కంపెనీలకూ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. జాయింట్ అని మాత్రమే చెప్పేసరికి, ‘ఈ ఇంట్లో సంపాదన ఇదొక్కటే’ అని రెండూ విడివిడిగా అనుకున్నాయి. 29,200 డిడక్షనూ, వెడల్పాటి శ్లాబులూ రెండు చోట్లా పూర్తిగా ఇచ్చేశాయి. ఒక్కో చోట కోసినది 25,482, రెండూ కలిపి 50,964. కట్టవలసింది 70,277. తేడా 19,313. ఇది జరిమానా కాదు. నెలనెలా మీ చేతికి ఎక్కువగా వచ్చిన మీ పన్నే. ఆ డబ్ల్యూ-4లో రెండో అంచెలో చిన్న గడి ఉంటుంది, ఇంట్లో రెండు ఉద్యోగాలుంటే గుర్తు పెట్టాల్సినది. ఇద్దరూ దాన్ని గుర్తు పెడితే కంపెనీ సగం డిడక్షన్, సగం శ్లాబులే వాడుతుంది.

మిగిలిన 1,170 మాత్రం అసలైన పెళ్లి జరిమానా. అదనపు మెడికేర్ పన్ను 0.9 శాతం. సింగిల్‌కు 2,00,000 దాటాక పడుతుంది, జాయింట్‌కు 4,00,000 కాదు, 2,50,000 దాటగానే మొదలవుతుంది. మీ జీతాలు ఆ గీతను 1,30,000 దాటాయి. పెళ్లి కాకుండా ఉండి ఉంటే ఇద్దరిలో ఎవరికీ పడేది కాదు. ఈ గీతలు 2013 నుంచి కదలలేదు. జీతాలు పెరిగే కొద్దీ ఏటా కొత్త జంటలు వీటిలో పడుతున్నాయి. పైగా ఒక ఉద్యోగంలోనే 2,00,000 దాటితే తప్ప కంపెనీ దీన్ని కోయదు. అందుకే ఏ పే స్టబ్‌లోనూ నీకు కనిపించలేదు. నీ రిటర్నులో ఫారం 8959 తెరిచి చూడు.

షార్లెట్_వాసి

చూశాను. సరిగ్గా 1,170 ఉంది. గుండె కొంచెం కుదుటపడింది. మరి ఆ 1,170 అయినా సెపరేట్‌గా వేస్తే పోతుందా?

ఎడిసన్_ఈఏ

పోదు. సెపరేట్‌కు ఆ గీత 1,25,000. ఒక్కొక్కరికి 65,000 మీద 585 పడుతుంది. రెండూ కలిపితే మళ్లీ 1,170. పైగా సెపరేట్ వేసేవాళ్లకు స్టూడెంట్ లోను వడ్డీ మినహాయింపు ఉండదు, కలిసి ఉంటున్నవాళ్లకు రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతా దారి 10,000 ఆదాయం దగ్గరే మూసుకుపోతుంది. ఇంకొక మాట. సెపరేట్‌గా వేసినదాన్ని మూడేళ్లలోపు జాయింట్‌గా మార్చుకోవచ్చు. జాయింట్‌గా వేసినదాన్ని గడువు తేదీ దాటాక సెపరేట్‌గా మార్చడం కుదరదు.

తక్కువ కట్టినందుకు అపరాధ రుసుము పడుతుందేమోనని భయపడకు. 2023లో మీ మొత్తం పన్ను 35,352 దగ్గర ఉండి ఉంటుంది. దానికి 110 శాతం అంటే సుమారు 38,900. మీకు కోసినది అంతకంటే ఎక్కువే, కాబట్టి ఆ రుసుము పడదు. గడువు లోపు బాకీ కట్టేస్తే చాలు.

కొలంబస్_ఇల్లాలు

నా అనుభవం దీనికి తిరగబడి ఉంది, అందుకే రాస్తున్నాను. నేను చాలాకాలం హెచ్4 మీద ఇంట్లోనే ఉన్నాను. మావారికి 1,20,000. 2024 జనవరిలో ఈఏడీ మీద నాకు 60,000 ఉద్యోగం వచ్చింది. ఈసారి రిటర్ను చూస్తే నా 60,000 వల్ల మా పన్ను 12,850 పెరిగింది. ఇదే జీతం పెళ్లికాని అమ్మాయికి వస్తే 5,216 కడుతుందట. డేకేర్ ఖర్చు కూడా ఉండడంతో ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో ఒకటే మాట. ఇది జరిమానా కాక మరేమిటి?

ఎడిసన్_ఈఏ

అమ్మా, మీ బాధ న్యాయమైనదే, కానీ దాని పేరు వేరు. మీరు పని చేయనప్పుడు మీవారు 10,432 కట్టేవారు. ఆయన సింగిల్ అయి ఉంటే 18,338.50 కట్టాలి. అంటే 7,906.50 లాభం అప్పటికే మీ ఇంటికి వచ్చేది, మీ పేరున ఉన్న ఖాళీ శ్లాబులను ఆయన జీతం వాడుకోవడం వల్ల. మీరు ఉద్యోగంలో చేరగానే ఆ లాభం కరిగిపోయింది. ఇప్పుడు జాయింట్‌గా 23,282. ఇద్దరూ సింగిల్ అయి ఉంటే 23,554.50. ఇప్పటికీ 272.50 లాభంలోనే ఉన్నారు.

అయినా మీరు చెప్పినది కొట్టిపారేయవలసింది కాదు. రెండో జీతంలో మొదటి డాలరే మొదటి జీతపు పై అంచు రేటుతో మొదలవుతుంది. ఆ రెండో జీతం మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లదే. జాయింట్ పద్ధతి మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. డేకేర్ ఖర్చుకు క్రెడిట్ ఉంది, ఫారం 2441 వేశారో లేదో చూసుకోండి.

మణికొండ_నుంచి

మంచి సమాచారం. మేమిద్దరమూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నాము. జాయింట్‌గా వేయాలంటే ఐటీ పోర్టల్‌లో ఆ గడి ఎక్కడ ఉంటుంది? నేను వెతికితే దొరకలేదు.

పాలమూరు_ఆడిటర్

దొరకదు, ఎందుకంటే మన దగ్గర జాయింట్ రిటర్ను లేదు. ఇక్కడి చర్చ అమెరికా గురించి. భారతదేశంలో భార్యకు భార్య లెక్క, భర్తకు భర్త లెక్క. అందువల్ల పెళ్లితో జరిమానా రాదు, లాభమూ రాదు. 2025 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త పద్ధతి శ్లాబులు చూడండి. భార్యాభర్తలకు చెరి 12 లక్షల పన్ను ఆదాయం ఉంటే ఇద్దరికీ సున్నా. పక్కింట్లో ఒకరే 24 లక్షలు తెస్తే సెస్సుతో 3,12,000. రెండిళ్ల సంపాదనా ఒకటే. అలాగని భార్య పేరున ఎఫ్‌డీ వేసి వడ్డీ ఆమె ఖాతాలో చూపించవద్దు, 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షను ప్రకారం అది మీ ఆదాయంలోనే కలుస్తుంది.

నేపర్‌విల్_బాబాయి

నా తప్పు ఒప్పుకుంటున్నాను, సెపరేట్ గురించి విన్నది రాశాను. మరి అమెరికా వాళ్లు కూడా ఇండియాలాగా ఎవరిది వారికే పెట్టేస్తే ఈ గొడవ ఉండదు కదా?

ఎడిసన్_ఈఏ

ఒకప్పుడు అలాగే ఉండేది. 1930లో సుప్రీంకోర్టు వాషింగ్టన్ రాష్ట్రపు దంపతుల కేసులో, ఆస్తి ఇద్దరిదీ అని రాష్ట్ర చట్టం చెబితే ఆదాయాన్నీ సగం సగం చూపించవచ్చని తీర్పు ఇచ్చింది. ఒకే సంపాదన ఉన్న రెండు ఇళ్లు, రాష్ట్రం మారితే పన్ను మారేది. ఆ తేడా పోవాలని 1948లో దేశమంతటికీ జాయింట్ పద్ధతి తెచ్చారు. అప్పుడు పెళ్లికానివాళ్లు తమకు అన్యాయమన్నారు. 1969 చట్టంతో వాళ్లకు రేట్లు తగ్గించారు, ఇద్దరు సంపాదించే జంటలకు జరిమానా పుట్టింది.

పాలమూరు మిత్రుడి లెక్కలోనే చిక్కు ఉంది. ఆదాయం పెరిగే కొద్దీ రేటు పెరగాలి, సమాన సంపాదన ఉన్న ఇళ్లు సమానంగా కట్టాలి, పెళ్లి వల్ల పన్ను మారకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరవు. ఇండియా రెండోదాన్ని వదిలింది, అమెరికా మూడోదాన్ని.

జెర్సీసిటీ_ఒంటరి

నా భార్య ఇంకా కాకినాడలోనే ఉంది, అక్కడ ఆమెకు రెండు ఇళ్ల అద్దె వస్తుంది. నేను ఇక్కడ హెచ్1 మీద ఐదేళ్లుగా ఉన్నాను. ఆమెను రెసిడెంటుగా చూపించి జాయింట్ వేయవచ్చని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు.

ఎడిసన్_ఈఏ

వేయవచ్చు. ఇద్దరూ సంతకం చేసిన కాగితం, ఆమెకు ఐటీఐఎన్ అనే పన్ను నంబరు కోసం డబ్ల్యూ-7 రిటర్నుతో జతపరచాలి. కానీ అప్పటి నుంచి ఆమె అద్దెలు, బ్యాంకు వడ్డీ అన్నీ ఇక్కడ చూపించాలి. అద్దె ఎంతో తెలియకుండా ఏది మేలో చెప్పలేను.

పాలమూరు_ఆడిటర్

నేనైతే వద్దనే అంటాను. ఇండియా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి, వాళ్లది జనవరి నుంచి. ఆ అద్దెలను రెండు లెక్కలకూ సర్దడంలోనే చాలామంది తప్పులు చేస్తారు.

జెర్సీసిటీ_ఒంటరి

అద్దె వివరాలు మామగారి దగ్గర ఉన్నాయి. తెప్పించి మళ్లీ రాస్తాను.

షార్లెట్_వాసి · ఏప్రిల్ 13, 2025

అన్నయ్యా, బాకీ కట్టేశాము. ఇద్దరమూ డబ్ల్యూ-4లో ఆ గడి గుర్తు పెట్టాము. అయితే ఈ ఏడాది ఇప్పటికే ఎనిమిది జీతాలు పాత లెక్కతోనే వచ్చాయి. వాటి లోటు పోయిన ఏడాది లెక్క ప్రకారం దాదాపు 5,940 డాలర్లు అని వేసుకున్నాను. మిగిలిన పద్దెనిమిది జీతాలకు పంచితే జీతానికి 330. దానికి మెడికేర్ 1,170 కలిపితే ఇంకో 65. ఈ 395ను నా డబ్ల్యూ-4లో అదనపు కోత గళ్లో రాసి నిన్న పంపాను.

ఎడిసన్_ఈఏ

సరిగ్గా వేశావు. జనవరిలో ఆ అంకెను 45కు దించడం మరచిపోకు. అప్పటికి ఇరవై ఆరు జీతాలు పూర్తిగా నీ చేతిలో ఉంటాయి.